రాగి పైపుకి టంకం: కారే ఎల్బోని కోసి చూశాక

శుక్రవారం సాయంత్రం

విజయనగరం కంటోన్మెంటులో మా పెదనాన్నగారి ఇల్లు. డాబా మీద సోలార్ హీటర్ ఉంది. అక్కడి నుంచి కింద స్నానాలగదికి వేడినీళ్లు తెచ్చేది రాగి పైపు. ట్యాంకు నుంచి గేట్ వాల్వ్, దాని తర్వాత మర విప్పి లైనుని విడదీసుకునే యూనియన్, అక్కడి నుంచి పిట్టగోడ వెంట అడ్డంగా కొంత దూరం, ఆ తర్వాత ఎల్బో తిరిగి గోడ మీదుగా కిందికి. ఇప్పుడు ఇక్కడ దాదాపు అందరూ సిపివిసి ప్లాస్టిక్ పైపు వేయించుకుంటున్నారు కాబట్టి రాగి లైను ముట్టుకోవడానికి ప్లంబర్లు వెనకాడుతున్నారు. వచ్చినాయన చూసి "మొత్తం తీసీసి సిపివిసి ఏసీమంటే ఏసీస్తానండి" అన్నాడు. లైను బాగానే ఉంది, కారుతున్నది ఒక్క ఎల్బో. అందుకని నేనే పూనుకున్నాను.

ఎల్బో కింద గోడ మీద పచ్చగా చిలుం చారలు కట్టి ఉన్నాయి. చుక్క పడటం కనిపించదు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు అసలు తడే ఉండదు. మధ్యాహ్నం వేడినీళ్లు నడిచాక జాయింటు అంచున సన్నగా చెమరుస్తుంది, ఆరుతుంది, చిలుం ఇంకాస్త పెరుగుతుంది. ఇలా చెమర్చే జాయింటు మీద పైనుంచి ఇంకాస్త టంకం అంటించేద్దామని చాలామందికి అనిపిస్తుంది. పెదనాన్నగారూ అదే అడిగారు: "పైన కొంచెం సీసం పెట్టీసి మూసీలేవా?" మూయలేం. ఎందుకో ఎల్బోని కోసి చూస్తే ఆయనకే తెలుస్తుందని చెప్పాను.

శనివారం

వాల్వ్ కట్టేసి, కింద కుళాయి తిప్పి, నీళ్లు పోయాక ఎల్బోకి రెండు పక్కలా పైపు కోశాను. హ్యాక్సా వాడలేదు. ట్యూబ్ కట్టర్‌తో కోస్తే అంచు వంకర లేకుండా వస్తుంది. హ్యాక్సాతో వంకరగా కోస్తే పైపు చివర ఫిటింగ్ అడుగుకి ఒక పక్కే ఆనుతుంది. కోసిన ఎల్బోని బెంచి వైసులో బిగించి నిలువునా రెండు చెక్కలు చేశాను. దీనికి మాత్రం హ్యాక్సాయే.

పైనుంచి చూస్తే ఆ జాయింటు చాలా గట్టిగా కనిపిస్తుంది. చుట్టూ లావుగా టంకం ఉంగరం, కింద ఓ బొట్టు వేలాడుతోంది. లోపల సంగతి వేరు. 15 మిల్లీమీటర్ల ఫిటింగులో పైపు దూరే గూడు లోతు సుమారు 11 మిల్లీమీటర్లు. టంకం అందులో రెండు మూడు మిల్లీమీటర్లు దాటి వెళ్లలేదు. ఒక పక్క పైపు మీద నల్లటి పెంకు, గోటితో గీస్తే బొగ్గులా రాలింది. అది మాడిపోయిన ఫ్లక్స్, అంటే టంకం అంటుకోవడానికి ముందుగా పూసే పేస్టు. మంట అటే నిలిపి కాల్చారన్నమాట. దాని ఎదుటి పక్క, అంటే గోడ వైపు, ఎమరీ అసలు తగల్లేదు. పాత రాగి మీద ఉండే గోధుమరంగు అలాగే ఉంది, టంకం దాన్ని తడపకుండా పక్కనుంచి పోయింది. ఆ గోడ వైపు నుంచే నీరు దారి చేసుకుంది.

ఇంకొకటి. పైపు గూడు అడుక్కి చేరలేదు, మూడు మిల్లీమీటర్లు ఎడం ఉండిపోయింది. పైపు చివర లోపలి అంచు కూడా గీకలేదు. కోసినప్పుడు లోపలికి మడిచిన పెదవి అలాగే ఉంది. నీరు దాని మీంచి దూకి సుడి తిరిగిన చోట రాగి గుంటలు పడి పలచబడింది. టంకం సరిగ్గా ఉన్నా కొన్నేళ్లకి అక్కడ చిల్లు పడేది.

పెదనాన్నగారు రెండు చెక్కలూ వెలుతురుకి పట్టుకుని చూసి, "పైన పూసినదంతా దండగేనన్నమాట" అన్నారు. అవును. నీటిని ఆపేది పైన కనిపించే ఉంగరం కాదు, పైపుకీ ఫిటింగుకీ మధ్య వెంట్రుక మందం సందులో నిండిన పలచటి పొర. ఆ సందు మాసిపోయి, మాడిన ఫ్లక్స్‌తో, నీటితో నిండి ఉంటే పైనుంచి ఎంత టంకం పోసినా లోపలికి దిగదు. కారే జాయింటుకి రెండే దారులు. వేడి చేసి ఊడదీసి, కరిగిన టంకాన్ని నూలుగుడ్డతో తుడిచి, మళ్లీ మొదటి నుంచీ చేయాలి. లేదా కోసేసి కొత్త ఫిటింగ్ వేయాలి. ఈ పైపు చివర గుంటలు పడింది కాబట్టి నాది రెండో దారి.

ఆదివారం, సరుకు

రాగి పైపు కొనేటప్పుడు ఒక సంగతి తెలిసి ఉండాలి. మన ఊళ్లలో రాగి పైపు సులువుగా దొరికేది ఏసీ స్పేర్‌పార్టుల కొట్లో. అక్కడ లెక్క సూత్‌లలో: నాలుగు సూత్ అంటే అరంగుళం, ఐదు సూత్ అంటే అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు. అది బయటి కొలత, 15.88 మిల్లీమీటర్లు. ఈ నీళ్ల లైనులో ఉన్న ఫిటింగులు 15 మిల్లీమీటర్లవి. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ ఐదు సూత్ పైపు 15 గూట్లోకి దూరదు. సానపట్టి దూర్చితే సందు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నాలుగు సూత్ అయితే లోపల వదులుగా ఊగుతుంది, ఆ ఖాళీని టంకం నింపలేదు. టంకం తనంతట తాను లోపలికి పాకాలంటే సందు మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే రెండు పదో వంతులు ఉండాలి. అందుకే వెర్నియర్‌తో పాత పైపు కొలిచి, 15 అని తేలాకే విశాఖపట్నం నుంచి అదే కొలత గట్టి పైపు ముక్క, ఎల్బో, రెండు పైపుల్ని కలిపే స్లిప్ కప్లింగ్ తెప్పించాను.

టంకం తీగ విషయంలో రాజీ పడకూడదు. రేడియో, టీవీ రిపేరు కొట్లలో దొరికేది ఎక్కువగా అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం. 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది కాబట్టి పని సులువు, కానీ మనుషులు వాడే నీటి లైనులో సీసం ఉండకూడదు. స్నానానికే కదా అని అనుకుంటాం. చలికాలం పొద్దున్న ఆ వేడినీళ్లే గిన్నెలో పట్టి వంటకి పెట్టే ఇళ్లు మన దగ్గర ఎన్నో. నేను తీసుకున్నది 97 పాళ్లు తగరం, 3 పాళ్లు రాగి ఉన్న 2 మిల్లీమీటర్ల తీగ. ఇది 227 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, పూర్తిగా పారాలంటే ఇంకొంచెం వేడి కావాలి. ఫ్లక్స్ పైపు పనికని అమ్మే పేస్టే కావాలి. రేడియో పనిలో వాడే గుగ్గిలం రాగి పైపు మీది మురికికి చాలదు.

డబ్బా మీద రాసి ఉన్నవి జింక్ క్లోరైడ్, అమ్మోనియం క్లోరైడ్. రెండోది మనకి పరిచయమైనదే, నవాసారం. ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్లు గిన్నె కాల్చి నవాసారం పొడి చల్లి, పొగ లేస్తుండగానే తగరం రాసి దూదితో తుడిచేవారు. రాగి పైపు టంకం పని కూడా ఆ కళాయి లాంటిదే: వేడికి లోహం మీద పట్టే తుప్పుపొరని ఉప్పు కరిగించి తీస్తే, వెనకే తగరం వచ్చి అంటుకుంటుంది. పెదనాన్నగారికి ఈ మాట చెప్పగానే మిగతాదంతా నేను చెప్పక్కర్లేకపోయింది. బుడితి కంచు, ఇత్తడి గిన్నెలు ఇంటినిండా ఉన్న రోజులు ఆయన చూశారు.

సోమవారం, నీళ్లతో తగువు

ఈ రోజు గ్యాస్ టార్చ్ వెలిగించనేలేదు. లైను ఆరబెట్టడానికే సరిపోయింది.

గేట్ వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. నూలుపోగంత ధార జారుతూనే ఉంది. పైపులో చెంచాడు నీళ్లున్నా చాలు, జాయింటు పాడవడానికి. నీరు ఉన్నంతసేపూ అక్కడి రాగి 100 డిగ్రీలు దాటదు. మనం ఎంత కాల్చినా ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. తీగ పెడితే ముద్దగా అంటుకుని ఆగిపోతుంది. చివరికి నీరంతా ఆవిరయ్యే క్షణంలో టంకం కరిగినా, లోపలి ఆవిరి దాన్ని పొడుచుకుని బయటికొస్తుంది. సూదిమొన చిల్లు మిగులుతుంది. బయటికి మెరుస్తూ ఉంటుంది కాబట్టి నీళ్లు వదిలేదాకా తెలియదు. మంట కింద సన్నగా చిటపటలు వినిపిస్తున్నా, పైపు రెండో చివర నుంచి ఆవిరి వస్తున్నా టార్చ్ ఆపేయాలి.

వాల్వ్ దాటగానే ఉన్న యూనియన్ విప్పి, పైపుని పక్కకి జరిపాను. ఇప్పుడు కారే ధార లైనులోకి రాకుండా అక్కడే డాబా మీద పడుతుంది. పిట్టగోడ వెంట ఉన్న పైపు కూడా ఒకచోట క్లాంపు ఊడి కిందికి వంగింది. ఆ వంపులో నీరు నిలుస్తుంది. దాని కింద ఇటుక పెట్టి ఎల్బో వైపు వాలు ఉండేలా ఎత్తి, సైకిల్ పంపుతో పై నుంచి గాలి కొట్టాను. ఎల్బో చివర నుంచి గ్లాసుడు నీళ్లు పడ్డాయి, తర్వాత తుంపర, తర్వాత ఒట్టి గాలి. ఆ పైన ఎండకి వదిలేశాను. రేపు పని జరిగేటప్పుడు కింద కుళాయి తెరిచే ఉండాలి. రెండు చివరలా మూసిన పైపుని వేడి చేస్తే లోపలి గాలి ఉబ్బి, కరిగిన టంకాన్ని అదే తోసేస్తుంది.

మంగళవారం ఉదయం, అసలు పని

వీధి చివర ఉండే ఏసీ మెకానిక్ తమ్ముడు తన టార్చ్ పట్టుకుని వచ్చాడు. రాగితో రోజూ పనిచేసేవాడు, చేతి వాటం ఉంది. కానీ ఏసీ పని బ్రేజింగ్. వాళ్ల కడ్డీ 700 డిగ్రీలు దాటాకే కరుగుతుంది కాబట్టి రాగి ఎర్రగా కాలేదాకా ఆగడం వాళ్లకి అలవాటు. మా పేస్టు ఆ వేడికి బొగ్గయిపోతుంది. కోసిన ఎల్బో చెక్క చూపించి ఆ నల్లపెంకు ఎలా వచ్చిందో చెప్పాను. "అయితే రంగు చూడకూడదు మాస్టారూ, పేస్టుని చూడాలి" అన్నాడు. ఒక్క మాటలో పట్టేశాడు.

ముందు శుభ్రం. డాబా మీది పాత పైపు చివర కట్టర్‌తో కొత్తగా కోసి, లోపలి పెదవిని రీమర్‌తో తీసేశాము. గీకేటప్పుడు పైపుని కిందికి వంచితే రాగి రజను లోపల మిగలదు. తర్వాత ఎమరీ గుడ్డ పట్టీలా చించి, బూటు పాలిష్ చేసినట్టు పైపు చుట్టూ తిప్పి రుద్దడం. గూడు లోతు కంటే కొంచెం ఎక్కువ దూరమే రుద్దాలి. గోడ వైపు చేయి దూరదు కాబట్టి క్లాంపు విప్పి పైపుని గోడకి ఎడంగా లాగాము. పాత జాయింటు దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే కాబట్టి ఆ పక్కకి చిన్న అద్దం పెట్టి చూశాను. కొత్త పైసా రంగు చుట్టూ ఒకేలా వచ్చేదాకా వదల్లేదు. ఎల్బో లోపల గుండ్రటి బ్రష్ తిప్పాను. కొత్త ఫిటింగే అయినా ఇది మానకూడదు, పైకి మెరుస్తున్నా దాని మీదా సన్నటి పొర ఉంటుంది. రుద్దాక వేలితో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు చాలు టంకం ఆగిపోవడానికి. ఎక్కువ రుద్దినా తప్పే, సందు పెరిగిపోతుంది.

ఫ్లక్స్ బ్రష్‌తో, పైపు మీదే, పలచగా. చివర రెండు మిల్లీమీటర్లు వదిలేశాను. గూడు లోపల పూస్తే పైపు దూరేటప్పుడు పేస్టంతా ముందుకి నెట్టుకుపోయి లైనులో పడుతుంది. అది ఆమ్లం లాంటిదే కాబట్టి పడిన చోట రాగిని మెల్లగా తింటూ ఉంటుంది. ఎన్నాళ్లకో పైపు మధ్యలో, జాయింటుకి దూరంగా చిల్లు పడి ఎందుకో అర్థం కాదు. దూర్చాక పావు చుట్టు తిప్పి, అడుక్కి తగిలిందని చేతికి తెలిశాక, బయట మిగిలిన పేస్టు గుడ్డతో తుడిచాము.

టంకం ఎంత పడుతుందో లెక్క వేసుకుంటే చేయి నిలుస్తుంది. పైపు చుట్టుకొలత సుమారు 47 మిల్లీమీటర్లు, గూడు లోతు 11, సందు 0.1 అనుకుంటే మధ్య ఖాళీ 52 ఘనపు మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్ల తీగ అడ్డుకోత వైశాల్యం 3.14. అంటే 16, 17 మిల్లీమీటర్ల తీగ చాలు. తీగ చివర 20 మిల్లీమీటర్ల దగ్గర మడిచి పెట్టుకున్నాను. మడత దాకా వచ్చిందంటే ఆపేయాలి. అది దాటి తాగుతోందంటే టంకం సందులో నిలవకుండా పైపు లోపలికి జారిపోతోందని అర్థం.

ఎండ ఎక్కకముందే, గాలి లేవకముందే మొదలుపెట్టాము. డాబా మీద గాలి మంటని పక్కకి తోస్తుంటే వేడి ఒక వైపే పడుతుంది. పిట్టగోడ మీద పాత రేకు ముక్క అడ్డం పెట్టాము. వెనక గోడ రంగు మాడకుండా తడి గోనె వేలాడదీశాము. బకెట్‌తో నీళ్లు దగ్గర పెట్టుకున్నాము.

మంట ముందు పైపు మీద, ఎల్బోకి ఆనుకుని. కొన్ని సెకన్లు చుట్టూ తిప్పాక ఎల్బో గూడు మీదికి. లోపలి పైపు చల్లగా ఉండిపోతే ఎంత ఫిటింగ్ వేడెక్కినా టంకం ఫిటింగ్ గోడకే అంటుకుంటుంది. ఒకచోట మంట నిలపకుండా అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. పేస్టు ముందు కరిగి బుడగలొచ్చింది, తర్వాత బుడగలు ఆగి నూనెలా తేటపడి మెరిసింది. చూడాల్సింది ఇదే. మంట తీసి, మంట తగలని ఎదుటి పక్క, గోడ వైపు, తీగ ఆనించాను. మొదటిసారి ముద్దగా అంటుకుంది. తీగ తీసేసి, మంట గూడు అడుగు మీద ఇంకో నాలుగు సెకన్లు. మళ్లీ ఆనిస్తే తీగ కరిగి చటుక్కున లోపలికి మాయమైంది. గోడ వైపు పెట్టిన టంకం ఇటు మా వైపు అంచున వెండిగీతలా చుట్టుకు రావడం చూశాము. తీగని కరిగించాల్సింది మంట కాదు, రాగి. మంటలో పెట్టి కరిగించి బొట్లు పోస్తే చల్లటి రాగి మీద గట్టిపడి ఉంగరం మాత్రం తయారవుతుంది. పాత జాయింటు అలా చేసిందే.

టంకం వేడి ఉన్న వైపుకి పాకుతుంది. అందుకే చివర్లో మంట గూడు అడుగు వైపు ఉండాలి, తీగ అంచు దగ్గర ఉండాలి. ఇది ఒక్కటి పట్టుబడితే పైపు నిలువుగా ఉండి గూడు పైన ఉన్నా భయం లేదు, టంకం పైకీ ఎక్కుతుంది. అడ్డంగా ఉన్న పైపుకైతే అడుగు నుంచి కాస్త పక్కగా మొదలుపెట్టి రెండు వైపులా పైకి తీసుకెళ్లాను. కింద ముందు గట్టిపడితే పై టంకం జారిపోకుండా అది కట్టలా ఆపుతుంది.

ఎల్బో రెండో వైపు చేసేటప్పుడు మొదటిది మళ్లీ కరగకుండా దానికి తడిగుడ్డ చుట్టాము. రెండూ వెంటవెంటనే ఒకే వేడి మీద చేయగలిగితే ఇంకా మంచిది. స్లిప్ కప్లింగ్ మాత్రం కొలిచి చేయాల్సిన పని. కింద పైపు గోడలో బిగిసి ఉంది, లాగడానికి లేదు. అందుకే లోపల గట్టు లేని కప్లింగ్‌ని ఒక పైపు మీదికి పూర్తిగా తోసి, రెండు చివరలూ కలిపాక వెనక్కి జరపాలి. గట్టు లేదు కాబట్టి మధ్యలో నిలిచిందో లేదో చేతికి తెలియదు. కప్లింగ్ పొడవులో సగం రెండు పైపుల మీదా మార్కర్‌తో ముందే గీసి, గీతకి గీత కుదిరాకే వేడి చేశాము.

యూనియన్‌కి పట్టే ఇత్తడి ఎడాప్టర్ రాగి కంటే మందం, చాలాసేపు వేడి తాగింది. దాన్ని పైపు ముక్కకి కింద బెంచి మీద టంకం వేసి, చల్లారాకే పైన బిగించాను. స్నానాలగది దగ్గర సిపివిసి కలిసే చోట కూడా ఇదే పద్ధతి ఉండాలి. సిపివిసి దగ్గర్లో టార్చ్ పెడితే మెత్తబడి వంకరపోతుంది.

చల్లారేదాకా ఏ జాయింటునీ కదపలేదు, నీళ్లు పోయలేదు. గట్టిపడే లోపు కదిలితే టంకం మెరుపు పోయి ఇసుక చల్లినట్టు గరుకుగా మారుతుంది. అలా కనిపిస్తే మళ్లీ వేడి చేయాల్సిందే. చేయి పట్టగలిగే వేడికి వచ్చాక తడిగుడ్డతో ఫ్లక్స్ పూర్తిగా తుడిచాము. ఆ జిగురు ఒక్కోసారి సూదిమొన చిల్లుని కూడా మూసేసి, పరీక్షలో పట్టుబడకుండా చేస్తుంది. వేడినీళ్లు నాలుగు రోజులు నడిచి అది కరిగాక కారడం మొదలవుతుంది.

బుధవారం ఉదయం, పరీక్ష

మామూలుగా ఈ లైను మీద ఒత్తిడి చాలా తక్కువ. ట్యాంకులో నీటిమట్టం నుంచి కింద కుళాయికి ఏడు మీటర్లనుకుంటే చదరపు సెంటీమీటరుకి 0.7 కిలోలే. అంత తక్కువకి చెడ్డ జాయింటు కూడా కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. అందుకే ప్లంబర్ దగ్గర చేతిపంపు అద్దెకి తెచ్చి 6 కిలోలు పెట్టాను. సోలార్ ట్యాంకు మాత్రం లైనుతో కలిపి ఉంచకూడదు, దానికి అంత ఒత్తిడి పనికిరాదు. యూనియన్ దగ్గర విడదీసే ఉంది కాబట్టి అక్కడ ప్లగ్ బిగించాను. ప్లగ్ పెట్టే ముందు కింది నుంచి నీళ్లు ఎక్కించి, పైన ఒట్టి నీరు పొర్లేదాకా గాలి పోనిచ్చాను. గాలి మిగిలితే పంపు మీటరు ముల్లు స్ప్రింగులా ఊగుతుంది, చిన్న కారడం తెలియదు.

ఎండ పైపు మీద పడకముందే చేయాలి. మూసిన పైపులో నీరు వేడెక్కితే ఒత్తిడి దానంతట అదే పెరుగుతుంది, కారుతున్నా ముల్లు నిలకడగా కనిపించవచ్చు.

ప్రతి జాయింటు చుట్టూ పొడి న్యూస్‌పేపర్ ముక్క చుట్టి గంట వదిలేశాను. ముల్లు 6 నుంచి 5.6కి దిగింది. కాగితాలన్నీ పొడిగానే ఉన్నాయి. తడి పంపు గొట్టం మర దగ్గర దొరికింది. టేపు మార్చి మళ్లీ పెడితే ముల్లు కదల్లేదు. కాగితం లేకుండా ముల్లు ఒక్కటే చూసి ఉంటే బాగున్న జాయింటుని అనవసరంగా మళ్లీ కాల్చేవాళ్లం.

పంపు విప్పి, కింద కుళాయి పూర్తిగా తిప్పి, లోపలి ఫ్లక్స్ పోయేలా బకెట్ల కొద్దీ నీళ్లు వదిలాను. మొదటి బకెట్ మీద నూనె మెరుపు తేలింది, తర్వాత లేదు. యూనియన్ బిగించి వాల్వ్ తెరిచాను. ఊడిన క్లాంపు కొత్త రావల్‌ప్లగ్‌తో గోడకి పట్టించాను. కారే గేట్ వాల్వ్ మార్చడం మిగిలింది. దానికి ట్యాంకు ఖాళీ చేయాలి కాబట్టి మబ్బు పట్టిన రోజు చూసుకోవాలి. పైపు మీద నల్ల ఫోమ్ తొడుగు కూడా ఇప్పుడే వేయడం లేదు. కొన్ని మధ్యాహ్నాలు వేడినీళ్లు నడిచి, జాయింట్ల అంచున పచ్చదనం రాలేదని కంటితో చూశాకే తొడుగుతాను.